k విలువ కావాలి: ప్రతిక్షేపణా, భాగహారమా, గుణకాల పోలికా?

తొమ్మిదో తరగతి బహుపదుల పాఠంలో ఈ రకం లెక్క తప్పకుండా ఎదురవుతుంది. బహుపదిలో ఒక గుణకం తెలియదు. ఫలానా ద్విపది దాన్ని శేషం లేకుండా భాగిస్తుందని చెప్పి, ఆ గుణకం ఎంతో కనుక్కోమంటారు. అక్కడ నేర్పేది కారణాంక సిద్ధాంతం కాబట్టి ఆ దారినే చేయాలనుకుంటాం గానీ, నిజానికి ఇంకో రెండు దారులున్నాయి. ఒక్కోసారి అవే మేలు.

భాజకం x − 2 లాంటిదైతే ఏ దారిన పోయినా పెద్ద తేడా తెలియదు. అందుకే కాస్త ఇబ్బంది పెట్టే భాజకాన్నే తీసుకుందాం. 2x³ + kx² − 14x + 12 ను 2x − 3 నిశ్శేషంగా భాగించాలంటే k ఎంత ఉండాలి?

ముందు కారణాంక సిద్ధాంతం. భాగహారాన్ని p(x) = (2x − 3)·q(x) + r అని రాసుకోండి. 2x − 3 సున్నా అయ్యే చోట, అంటే x = 3/2 దగ్గర, q(x) ఏదైనా సరే మొదటి భాగం మొత్తం పోతుంది, r మాత్రమే మిగులుతుంది. కాబట్టి p(3/2) అంటే శేషమే. శేషం ఉండకూడదు కనుక p(3/2) = 0. విలువలు వేస్తే:

2·(27/8) + k·(9/4) − 14·(3/2) + 12 = 0

27/4 + 9k/4 − 21 + 12 = 0

అంతటినీ 4తో గుణిస్తే 27 + 9k − 36 = 0, అంటే k = 1. భిన్నాలు వచ్చినా పని రెండు మూడు వరుసల్లో తేలిపోయింది.

ఇప్పుడు అదే లెక్కను భాగహారంతో చేద్దాం. భాగఫలంలో మొదటి పదం x². దాన్ని భాజకంతో గుణించి తీసేస్తే (k + 3)x² మిగులుతుంది. రెండో పదం (k + 3)/2·x. మళ్లీ తీసేస్తే x గుణకం (3k − 19)/2 అవుతుంది. మూడో పదం (3k − 19)/4, చివరికి శేషం (9k − 9)/4. దీన్ని సున్నా చేస్తే మళ్లీ k = 1. సరిగ్గా చూస్తే పైన p(3/2) కూడా ఇదే (9k − 9)/4. రెండూ ఒకే శేషాన్ని పట్టుకున్నాయి. తేడా అల్లా, భాగహారంలో k ను ప్రతి మెట్టులోనూ మోసుకుపోవాలి, తీసివేసే ప్రతిచోటా గుర్తు మారిపోయే ప్రమాదం ఉంటుంది. k మాత్రమే అడిగినప్పుడు ఈ దారి పట్టడం శుద్ధ దండగ అనే నా అభిప్రాయం.

ఇంటర్ సమీకరణ వాదంలో వచ్చే సింథటిక్ డివిజన్ ఈ భాగహారాన్నే పొట్టిగా రాస్తుంది. అయితే అక్కడ 2x − 3 బదులు 3/2 వాడతాం. అంటే x − 3/2 తో భాగించినట్టు. శేషం మారదు, కానీ భాగఫలం రెట్టింపై 2x² + 4x − 8 అని వస్తుంది. దాన్ని 2తో భాగించడం మరిచిపోతే k సరిగ్గానే ఉన్నా కారణాంకాలు తప్పుతాయి.

మూడోది గుణకాల పోలిక. బడిలో దీన్ని తక్కువ చెబుతారు గానీ నాకు ఎక్కువ ఇష్టం ఇదే. నిశ్శేషంగా భాగిస్తుందంటే బహుపది (2x − 3)(x² + bx + c) రూపంలో ఉన్నట్టే. 2x³ రావాలంటే x² గుణకం 1 కావాలి, అది రాసేశాం. స్థిరపదం 12 రావాలంటే −3c = 12, కాబట్టి c = −4. x గుణకం 2c − 3b, అది −14 కావాలి: −8 − 3b = −14, b = 2. ఇక x² గుణకమే k: 2b − 3 = 1. ఎక్కడా భిన్నం రాలేదు. పైగా x² + 2x − 4 అనే భాగఫలం కూడా చేతికొచ్చింది. 'మిగిలిన శూన్యాలు కనుక్కోండి' అని తర్వాతి ప్రశ్న ఉంటే −1 + √5, −1 − √5 అని అక్కడి నుంచే రాసేయొచ్చు. ప్రతిక్షేపణతో k తెచ్చుకున్నవాళ్లు ఇక్కడ మళ్లీ భాగహారం మొదలుపెట్టాలి.

కాబట్టి k ఒక్కటే కావాలంటే ప్రతిక్షేపణ, కారణాంకాలు కూడా కావాలంటే గుణకాల పోలిక. ఘాతం పెరిగేకొద్దీ పోలికలో తెలియనివి పెరుగుతాయి. x⁶ వరకు పోయిన బహుపదికి నేనైతే ప్రతిక్షేపణే వాడతాను.

ప్రతిక్షేపణలో తప్పు ఎక్కువగా జరిగేది మొదటి అడుగులోనే. 2x − 3 చూసి x = 3 వేసేస్తే k = −8/3 వస్తుంది. గుర్తు తప్పి x = −3/2 వేస్తే k = −35/3. భిన్నం వచ్చినంత మాత్రాన తప్పని అనలేం, కొన్ని లెక్కలకు జవాబే భిన్నం. పట్టుకోవడానికి వేరే దారి ఉంది: వచ్చిన k ను పెట్టి ఇంకో x దగ్గర చూడండి. k = 1 అయితే p(3) = 54 + 9 − 42 + 12 = 33. x = 3 దగ్గర 2x − 3 విలువ 3, x² + 2x − 4 విలువ 11. లబ్ధం 33, సరిపోయింది.

భాజకంలోనే తెలియనిది ఉంటే మాత్రం ప్రతిక్షేపణకు పోటీ లేదు. x − a అనేది x³ − ax² + 3x + a − 8 కు కారణాంకం కావాలంటే x = a వేయగానే a³, a³ కొట్టుకుపోయి 4a − 8 = 0 మిగులుతుంది, a = 2.

భాజకం x² − 3 అయితే? √3, −√3 వేసి రెండు సమీకరణాలు సాధించవచ్చు, కానీ అంత తిప్పలు అక్కర్లేదు. x² కనిపించిన ప్రతిచోటా 3 వేయండి, x³ కు 3x వేయండి. x³ + ax² + bx + 6 అప్పుడు (3 + b)x + (3a + 6) అవుతుంది. అదే శేషం, రెండు భాగాలూ సున్నా కావాలి: b = −3, a = −2. x² + 1 లాంటి భాజకానికి వాస్తవ శూన్యాలే లేవు, అయినా x² బదులు −1 వేస్తే ఇదే పని చేస్తుంది.

ఒక్కోసారి ప్రతిక్షేపించగానే k మాయమవుతుంది. x³ + kx² − kx − 1 లో x = 1 వేస్తే 0 = 0 వస్తుంది, అంటే k ఏదైనా x − 1 కారణాంకమే. చివర −1 బదులు +4 ఉంటే 5 = 0 వస్తుంది, అప్పుడు ఏ k కూ అది కారణాంకం కాదు. మొదటిదానికి 'k ఏ విలువైనా', రెండోదానికి 'అలాంటి k లేదు' అని రాయాలి. k = 0 అని రాస్తే రెండూ తప్పే.