ఖాళీగా వదిలేయడం తెలిసిన సాఫ్ట్‌వేర్

రాణిగంజ్‌లో మా ఆఫీసు. చుట్టుపక్కల షాపుల కొనుగోలు బిల్లులను ట్యాలీలోకి ఎక్కించడం మా పని. బిల్లు ఫొటో తీస్తే అంకెలు ఏరి ఇచ్చే సాఫ్ట్‌వేర్‌ను ఏడాది దాటి వాడుతున్నాం. స్పీడు, ధర లాంటివి అందరికీ తెలిసినవే, వదిలేస్తున్నాను. నాకు నచ్చింది ఒక్కటే. చదవలేని చోట ఇది అంకె పెట్టదు. గడి ఖాళీగా ఉంచి, ఎందుకు చదవలేకపోయిందో పక్కనే చిన్న నోట్ రాస్తుంది.

ఆ నోట్ విలువ ఒక థర్మల్ బిల్లు దగ్గర తెలిసింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టడం వల్ల మధ్యభాగం వెలిసిపోయింది. పైన షాపు పేరు, తేదీ, కింద పెద్దక్షరాల్లో మొత్తం 4,865 మాత్రమే కనబడుతున్నాయి. అంతకుముందు మేం వాడిన యాప్‌లో అదే ఫొటో పెడితే పన్నుకు ముందు విలువ 4,122.88, సీజీఎస్టీ 371.06, ఎస్‌జీఎస్టీ 371.06 అని నింపేసింది. కూడితే సరిగ్గా 4,865. ఎవరికి అనుమానం వస్తుంది? బిల్లులో అన్నిటికీ పన్ను 18 శాతమే అనుకుని మొత్తం నుంచి వెనక్కి లెక్క కట్టిందన్నమాట. ఈ కొత్తది మాత్రం మూడు గడులూ ఖాళీగా ఉంచి, ‘కాగితం మీద అక్షరాలు లేవు, మొత్తం నుంచి లెక్కించలేదు’ అంది.

షాపుకు ఫోన్ చేసి వాట్సాప్‌లో కాపీ తెప్పించాం. రంగు డబ్బాలు 3,500, వాటికి 18 శాతం. కొబ్బరి పీచు తాడు 700, దానికి 5 శాతం. అంటే పన్ను 630, 35 కలిపి 665. పాత యాప్ లెక్క ప్రకారం 742.12. అమ్మినవాడు చూపిన పన్ను కొన్నవాడికి కనబడే జీఎస్టీఆర్-2బి స్టేట్‌మెంట్‌లో 665 ఉంటే, కొనుగోలు మీద కట్టిన పన్నుకు మనం తీసుకునే క్రెడిట్ 77.12 ఎక్కువైనట్టు తేలేది. డబ్బు చిన్నదే. కానీ మొత్తం సరిపోయిన బిల్లులో తప్పు ఎక్కడుందో వెతకడం పెద్ద తలనొప్పి.

సందేహం ఉన్నచోట నోట్ ఇంకా బాగుంటుంది. జీఎస్టీ నంబరులో పదిహేను స్థానాలు. మొదటి రెండు రాష్ట్రం కోడ్, మన తెలంగాణకు 36. తర్వాతి పది పాన్. అందులో మొదటి ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర మళ్లీ అక్షరం. ఒకసారి ఎనిమిదో స్థానంలో 5 పెట్టి, ‘ఎస్‌లా కూడా ఉంది, ఇక్కడ అంకే రావాలి, చివరి చెక్ అక్షరం సరిపోయింది’ అని కారణం రాసింది. నమ్మకం ఇంత శాతం అని ఉత్తి అంకె చూపడం కంటే ఈ కారణం నాకు వంద రెట్లు ఉపయోగం.

ఇంత పొగిడాక చెప్పాల్సినది ఉంది. బిల్లు నంబరుకు అలాంటి నియమం ఏదీ లేదు. చేతిరాత 1 ని 7 అని చదివి, పక్కన ‘నమ్మకం ఎక్కువ’ అని కూడా రాసిన సందర్భాలున్నాయి. ఆ నమ్మకం అక్షరం ఆకారం గురించే. బిల్లులో అసలు ఏముందో దానికి ఎలా తెలుస్తుంది? అందుకే చేతిరాత బిల్లుల్లో నంబరును నోట్ ఎలా ఉన్నా కంటితో చూస్తాం.

అన్నిటికంటే కోపం తెప్పించింది ఎక్సెల్‌కు పంపే పద్ధతి. స్క్రీన్ మీద ఖాళీగా ఉన్న గడి ఎక్సెల్‌లో 0 అయిపోయింది, నోట్ మాయమైంది. మా దగ్గర ఎంట్రీ చేసే అబ్బాయి ‘‘అన్నా, సున్నా అంటే ఈ సరుకుకు ట్యాక్స్ లేదని కదా?’’ అన్నాడు. వాడి ప్రశ్న న్యాయమే. పన్ను లేకపోవడం ఒకటి, బిల్లులో పన్ను రాయకపోవడం ఒకటి, రాసినా చదవలేకపోవడం ఇంకొకటి. మూడూ ఒకే సున్నాలో కలిసిపోతే ఇంత జాగ్రత్తా ఎందుకు? సెట్టింగ్స్‌లో వెతికితే నోట్ కాలమ్‌ను, ఖాళీని ఖాళీగానే పంపే ఆప్షన్‌ను ఆన్ చేసుకోవచ్చని తెలిసింది. అవి మొదటి నుంచీ ఆన్‌లో ఉండాల్సినవి. ఇప్పుడు నోట్ కాలమ్‌లో ఏదైనా ఉంటే ఆ వరుస ట్యాలీలోకి వెళ్లకుండా ఆపుతున్నాం.

ఇంకో సంవత్సరానికి కట్టాం. అయితే మా బిల్లుల్లో సగానికి పైగా చేతిరాతవి, వెలిసినవి. నోట్లు చదివే ఓపిక ఉన్న మనిషి కూడా మాకున్నాడు. మీకు వచ్చేవి ఎక్కువగా క్యూఆర్ ఉన్న ఈ-ఇన్వాయిస్‌లైతే, అమ్మినవాడి జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, తేదీ, మొత్తం ఆ కోడ్‌లోనే ఉంటాయి. పన్ను విడివిడిగా మాత్రం అందులో ఉండదు. అంత మాత్రానికి ఈ సబ్‌స్క్రిప్షన్ కట్టాలా అంటే, నేనైతే ముందు ఒక నెల బిల్లులతో ట్రయల్ వేసి చూస్తాను.