ఛార్జీ సున్నా అన్నారు, పదహారు వేలు పోయాయి

మా అమ్మాయి అమెరికాలో చదువుతోంది. మూడేళ్లుగా కూకట్‌పల్లిలోని మా బ్యాంకు యాప్‌ నుంచే ఫీజు పంపుతున్నాను. పది నిమిషాల్లో పనైపోతుంది, పంపినందుకు ఛార్జీ సున్నా. మా అపార్ట్‌మెంట్‌లో నలుగురికి నేనే చెప్పి ఇదే వాడించాను. ఆ మాటను ఇప్పుడు కొంచెం సవరించుకోవాలి.

పోయిన జులైలో 9,000 డాలర్లు పంపాను. వారం తర్వాత అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్నా, 20 డాలర్లు తక్కువ చేరాయట. అవి కట్టేదాకా రిజిస్ట్రేషన్ ఆపేశారు." రెండు రోజులు టెన్షన్. దారిలో ఉన్న మధ్యవర్తి బ్యాంకు ఆ డబ్బు కోసుకుందని తర్వాత తెలిసింది. అప్పుడే రసీదు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

బ్యాంకు నాకు వేసిన రేటు డాలరుకు 86.90. పంపిన సమయానికి మార్కెట్ రేటు 85.40. తేడా రూపాయిన్నరే, కానీ 9,000 డాలర్ల మీద అది 13,500 రూపాయలు. రసీదులో ఈ మొత్తం ఎక్కడా కనబడదు. కనబడేది కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ 794 ఒక్కటే. దారిలో పోయిన 20 డాలర్లు మరో 1,708. వెరసి 16,002.

సులువైన లెక్క ఇది. ఖాతాలోంచి పోయిన మొత్తం 7,82,894. అవతల చేరిన 8,980 డాలర్లను మార్కెట్ రేటుతో గుణిస్తే 7,66,892. ఆ రెంటి తేడాయే అసలు ఖర్చు. రేటు గంటగంటకీ మారుతుంది కనుక మార్కెట్ రేటును పంపే నిమిషంలోనే రాసిపెట్టుకోవాలి. పాత రసీదులకు ఆ రోజు ఎఫ్‌బీఐఎల్ అనే సంస్థ ప్రకటించిన రిఫరెన్స్ రేటుతో ఉజ్జాయింపుగా చూశాను. అన్నిట్లోనూ ఇదే కథ. చాలా బాధేసింది.

జనవరిలో యాప్‌ వదిలి బ్రాంచికి వెళ్లాను. "సార్, పెద్ద మొత్తం కదా, మా బ్యాంకు ట్రెజరీ విభాగాన్ని అడిగి రేటు తగ్గిస్తాం" అన్నారు మేనేజర్. అడిగితే ఇస్తారని మూడేళ్లూ నాకు తెలియదు! మార్కెట్ మీద 60 పైసలే వేశారు. ఈసారి జీఎస్టీతో కలిపి ఛార్జీ 1,180, దారి ఖర్చులన్నీ మేమే భరించే OUR పద్ధతికి 1,770. అన్నీ కలిపినా అదే 9,000 డాలర్లకు దాదాపు 9,200 అయింది. యూనివర్సిటీకి పూర్తిగా చేరాయి. OUR పెట్టినా ఒక్కోసారి కోత పడొచ్చని మేనేజరే చెప్పారు.

ఏడాదిలో పది లక్షలు దాటినందుకు టీసీఎస్ అనే ముందస్తు పన్ను కూడా పట్టుకున్నారు. అది ఆదాయపు పన్ను రిటర్న్‌లో సర్దుబాటవుతుంది కాబట్టి ఖర్చులో వేయలేదు.

నేను రిటైరయ్యాను, బ్రాంచి నడిచివెళ్లే దూరం, పంపేది ఏడాదికి రెండుసార్లు. అందుకే నాకు బ్రాంచే కుదిరింది. నెలకు 300 డాలర్లు పంపే మా పక్కింటివాళ్లకు 1,180 ఛార్జీ కడితే నష్టమే, వాళ్లను ఇంకా యాప్‌లోనే పంపమంటున్నాను.