బెట్టింగ్ సైట్‌లో క్రిప్టో వేస్తే ఏమవుతుందో చూడండి: వైజాగ్ వాళ్లకి జాగ్రత్త

మద్దిలపాలెం, గాజువాక వైపు కుర్రాళ్ల ఫోన్లలో ఈమధ్య ఒకటే టెలిగ్రామ్ మెసేజ్ తిరుగుతోంది. "యూపీఐ బంద్ అయింది, ఇక క్రిప్టోలో వేయండి, బోనస్ ఎక్కువ, ఎవరికీ తెలియదు" అని. యూపీఐ ఎందుకు బంద్ అయిందో మాత్రం అందులో రాయరు. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని మన రాష్ట్రం 2020లోనే చట్టం చేసి నిషేధించింది. 2025 ఆగస్టులో కేంద్రం కూడా దేశమంతటికీ చట్టం తెచ్చి, ఇలాంటి సైట్లకి డబ్బు చేరవేయకూడదని బ్యాంకులకీ పేమెంట్ కంపెనీలకీ చెప్పింది. ఆ దారి మూసుకుపోయింది కాబట్టే ఈ కొత్త దారి పట్టారు.

మా బావమరిది ఈ దారిలో వెళ్లి ఇరుక్కున్నాడు. సైట్ పేరు రాయను, ఎందుకంటే ఆ పేరు వారానికోసారి మారుతుంది. వాడి లావాదేవీలన్నీ పక్కన కూర్చుని ఒక్కోటి చూశాను. నేను చూసింది ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

2025 అక్టోబర్ మొదట్లో వాడు ఒక యాప్‌లో పీటూపీ పద్ధతిలో, అంటే ముక్కూమొహం తెలియని అమ్మకందారుకి నేరుగా బ్యాంకు ద్వారా డబ్బు పంపి, 612 యూఎస్‌డీటీ కొన్నాడు. ఒక్కోటి 93 రూపాయలు. మొత్తం దాదాపు 57 వేలు. అప్పుడు డాలర్ 88, 89 రూపాయల మధ్య ఉంది. యూఎస్‌డీటీ అంటే ఒక డాలర్ విలువకి కట్టి ఉంచిన నాణెం కదా, మరి నాలుగు రూపాయలు ఎక్కువెందుకు? మన దేశంలో పీటూపీలో అది మామూలుగానే డాలర్ రేటు కన్నా ఎక్కువకి అమ్ముతారు. అంటే ఆట మొదలుకాకముందే రెండున్నర వేల పైన పోయింది. ఈ లెక్క యాప్‌లో ఎక్కడా కనపడదు, మీరే వేసుకోవాలి.

బిట్‌కాయిన్‌లో వేస్తే బోనస్ ఎక్కువ అని సైట్ ఆశ చూపింది. దాంతో వాడు యూఎస్‌డీటీని బిట్‌కాయిన్‌గా మార్చి పంపాడు. ఫీజులు పోగా సైట్‌లో చేరింది 0.005 బిట్‌కాయిన్. ఆ రోజు రేటు 1,21,000 డాలర్ల దగ్గర ఉంది కాబట్టి అది 605 డాలర్లు. రెండు రోజులు ఆడి 0.0055కి పెంచాడు. పది శాతం లాభం వచ్చిందని ఇంట్లో స్వీట్లు కూడా పంచాడు. అక్టోబర్ 10 రాత్రి మొత్తం విత్‌డ్రా పెట్టాడు. స్క్రీన్ మీద "Pending" అని వచ్చింది.

అదే రాత్రి, మన టైమ్ ప్రకారం 11వ తేదీ తెల్లవారుజామున, చైనా సరుకుల మీద అదనంగా వంద శాతం సుంకం వేస్తామని అమెరికా అధ్యక్షుడు ప్రకటించారు. క్రిప్టో మార్కెట్ మొత్తం కుప్పకూలింది. బిట్‌కాయిన్ కొన్ని గంటల్లోనే 1,05,000 దగ్గరికి పడింది. 0.0055ని ఆ రేటుతో గుణిస్తే 577 డాలర్లు. పది శాతం గెలిచినవాడి చేతిలో వేసినదానికన్నా తక్కువ మిగిలింది. సరే, మళ్లీ కొంత పెరిగింది అనుకుంటుంటే, నవంబర్ 18న 90 వేల డాలర్లకి దిగువకి పోయింది. విత్‌డ్రా ఇంకా "Pending" లోనే ఉంది. ఆ రేటుకి చేతికి వస్తే 495 డాలర్లు, అంటే దాదాపు 44 వేలు. పెట్టింది 57 వేలు. సైట్ స్క్రీన్ మీద మాత్రం నెలన్నరగా అదే అంకె: 0.0055, పక్కన ఆకుపచ్చ బాణం.

ఇక్కడ ఒక విషయం అర్థం చేసుకోండి. బ్యాలెన్స్‌ని బిట్‌కాయిన్‌లోనే చూపించే సైట్‌లో ధర పడితే నష్టం మీది. వేసిన వెంటనే రూపాయల్లోకో డాలర్లలోకో మార్చేసే సైట్‌లో ఆ మార్చే రేటు వాళ్లది, తీసేటప్పుడు రేటూ వాళ్లదే. మధ్యలో ధర పెరిగితే ఆ పెరుగుదల వాళ్లకే. విత్‌డ్రా ఎప్పుడు పంపాలో కూడా వాళ్లే నిర్ణయిస్తారు కనుక, ఆ మధ్యకాలంలో ధర ఎటు పోయినా భారం మాత్రం మీ మీదే. ధర ఊగదని యూఎస్‌డీటీలో ఆడేవాళ్లు ఉన్నారు. ఆ ఒక్క బాధ తప్పుతుంది గానీ, తర్వాత చెప్పబోయేది దానికీ వర్తిస్తుంది.

నవంబర్ మధ్యలో సైట్ చాట్‌లో ఒకామె మెసేజ్ పెట్టింది. "మీ వాలెట్ వెరిఫై చేయాలి, 150 యూఎస్‌డీటీ పంపండి, విత్‌డ్రాతో కలిపి తిరిగి ఇస్తాం" అని. వాడు నాకు చెప్పకుండానే పంపేశాడు. మర్నాడు "ఇప్పుడు ఇండియా ట్యాక్స్ 30 శాతం కట్టాలి" అన్నారు. అప్పుడు ఫోన్ చేశాడు.

"బావా, ఆ 150 వెనక్కి తెప్పించొచ్చా? మొన్నే కదా పంపాను."

"బ్యాంకుకి చెప్తే?"

"బ్యాంకులో కాదు కదా బావా..."

అదే సంగతి. యూపీఐలో తప్పు జరిగితే అటు ఒక బ్యాంకు, ఇటు ఒక బ్యాంకు, పైన రిజర్వ్ బ్యాంకు ఉంటాయి. అన్నిసార్లూ డబ్బు రాకపోవచ్చు, కానీ అడగడానికి ఒక మనిషి ఉంటాడు. క్రిప్టోలో మీరు పంపిన లావాదేవీ ఒక బ్లాక్‌లో, అంటే అందరికీ కనపడే లెక్కల పుస్తకంలో ఒక పేజీలో, చేరిందంటే దాన్ని వెనక్కి తిప్పే బటన్ ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. బిట్‌కాయిన్‌లో బ్లాక్ సగటున పది నిమిషాలకి ఒకటి. సొంత వాలెట్ నుంచి పంపితే, బ్లాక్‌లో చేరేలోపు ఎక్కువ ఫీజుతో మార్చి పంపే వీలు కొన్ని వాలెట్లలో ఉంటుంది. యాప్ నుంచి పంపితే అదీ ఉండదు. యూఎస్‌డీటీని ఎక్కువమంది పంపే ట్రాన్ నెట్‌వర్క్‌లో అయితే బ్లాక్ మూడు సెకన్లకి ఒకటి, ఆలోచించుకునే టైమే లేదు.

వాడి లావాదేవీని tronscan.org లో పెట్టి చూశాం. ఇది ఎవరైనా చూడొచ్చు. మీ యాప్‌లో విత్‌డ్రా వివరాల్లో TXID అని పొడవాటి అక్షరాల వరుస ఉంటుంది. దాన్ని కాపీ చేసి ఆ పేజీలో వెతికితే చాలు. ఆకుపచ్చగా "SUCCESS" అని, T తో మొదలయ్యే అడ్రస్‌కి 150 చేరినట్టు కనిపించింది. ఆ అడ్రస్ మీద నొక్కితే దాని చరిత్ర మొత్తం వస్తుంది. ఒకదాని కింద ఒకటి 100, 150, 200 చొప్పున వేర్వేరు వాలెట్ల నుంచి వచ్చినవి. ప్రతిసారీ కాసేపటికే మొత్తం ఊడ్చి ఇంకో అడ్రస్‌కి పంపేశారు. లోపలికి వచ్చినవే తప్ప, వేసినవాళ్లకి చిన్న మొత్తమైనా తిరిగి వెళ్లింది మాకు ఒక్కటీ కనపడలేదు. డబ్బు పంపేముందు ఈ పని చేసి ఉంటే ఆ 150 మిగిలేది. చాట్‌లో అడ్రస్ ఇచ్చారంటే ముందు దాని చరిత్ర చూడండి.

ఇంకో గుర్తు కూడా చెప్తాను. నిజంగా ఇవ్వదలచినవాడు ఫీజు ఏదైనా ఉంటే మీ బ్యాలెన్స్ లోంచే కోసుకుంటాడు. మీ చేతి నుంచి కొత్తగా డబ్బు పంపమంటే విత్‌డ్రా రాదనే అర్థం. ట్యాక్స్ పేరు చెప్తే మరీ అన్యాయం. మన ఆదాయపు పన్నుని ఎవరూ యూఎస్‌డీటీలో, ఒక వాలెట్‌కి కట్టించుకోరు. అసలు పన్ను సంగతి వేరే ఉంది: 2022 ఏప్రిల్ నుంచి క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను, అదే ఏడాది జూలై నుంచి అమ్మినప్పుడు ఒక శాతం టీడీఎస్. ఒక నాణెంలో వచ్చిన నష్టాన్ని ఇంకోదాని లాభంలోంచి తగ్గించుకోనివ్వరు. మావాడి ధర పడిన నష్టం పన్ను లెక్కలో కూడా ఎందుకూ పనికిరాలేదు.

నెట్‌వర్క్ తప్పు కూడా తరచూ జరుగుతోంది. సైట్ TRC20లో, అంటే ట్రాన్ నెట్‌వర్క్‌లో, పంపమంటే ఫీజు తక్కువని వేరేది ఎంచుకుంటారు. ట్రాన్ అడ్రస్ T తో మొదలవుతుంది, ఎథీరియం లాంటివి 0x తో. అసలు ప్రమాదం 0x తోనే ఉంది. ERC20 అంటే ఎథీరియం నెట్‌వర్క్, BEP20 అంటే బీఎన్‌బీ నెట్‌వర్క్, రెండిటికీ అడ్రస్ ఒకేలా ఉంటుంది కాబట్టి యాప్ అడ్డుపడదు. డబ్బు వెళ్తుంది, సైట్‌లో క్రెడిట్ కాదు, చాట్‌లో "మా తప్పు కాదు" అంటారు.

గెలిచి బయటికి తెచ్చుకున్నవాళ్లైనా హాయిగా ఉన్నారా అంటే అదీ లేదు. కంచరపాలెంలో మాకు తెలిసిన ఒకతనికి నిజంగానే విత్‌డ్రా వచ్చింది. ఆ యూఎస్‌డీటీని పీటూపీలో 40 వేలకి అమ్మాడు. అతని అకౌంట్‌లో పడిన డబ్బు ఎక్కడో వేరే రాష్ట్రంలో ఎవరినో మోసం చేసి తెచ్చిన డబ్బు. అక్కడి పోలీసుల నుంచి బ్యాంకుకి లేఖ వచ్చింది, 40 వేల మీద హోల్డ్ పడింది. జీతం పడే అకౌంట్ అదే. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే బెట్టింగ్ సైట్ పేరు చెప్పాలి, ఆ ఆట ఆడటమే మన రాష్ట్రంలో నేరం. ఆ భయంతోనే చాలామంది బ్యాంకుకి జవాబు ఇవ్వకుండా ఉండిపోతున్నారు.

ఇప్పటికే పంపేసినవాళ్లు ఉంటే, ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి, cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. TXID, రెండు వైపుల అడ్రస్‌లు, తేదీ, టైమ్, చాట్ స్క్రీన్‌షాట్లు, కొన్నప్పుడు బ్యాంకు నుంచి వెళ్లిన యూటీఆర్ నంబర్, అన్నీ ఒకచోట రాసి పెట్టుకోండి. పంపింది యూఎస్‌డీటీ అయితే ఒక సన్నని అవకాశం ఉంది: దాన్ని జారీ చేసే టెథర్ కంపెనీ పోలీసులు కోరితే ఒక వాలెట్‌ని ఫ్రీజ్ చేయగలదు. డబ్బు క్రిప్టో కొని అమ్మే ఏదైనా ఎక్స్ఛేంజ్‌లోకి చేరితే వాళ్లూ ఆపగలరు. బిట్‌కాయిన్‌కి అలా ఆపే కంపెనీ ఏదీ లేదు, అది ఎక్స్ఛేంజ్‌కి చేరితేనే ఆశ. రెండిట్లోనూ గంటలే ముఖ్యం.

ఫిర్యాదు చేసిన తర్వాత "మీ క్రిప్టో తిరిగి తెప్పిస్తాం, ముందు 5 వేలు కట్టండి" అంటూ మెసేజ్‌లు వస్తాయి. మావాడికి ఇప్పటికే వచ్చాయి. ఒకటి మన పోలీసుల లోగోతో, ఇంకోటి వకీలు పేరుతో. రెండూ చివరికి అడిగింది యూఎస్‌డీటీనే. అలాంటివాళ్లకి జవాబు ఇవ్వకండి, ఆ నంబర్లని కూడా అదే ఫిర్యాదులో చేర్చండి.