రక్తహీనత ఉన్న రోగికి షుగర్ స్ట్రిప్పులు కొనేవారికి పర్లాకిమిడి నుంచి ఒక హెచ్చరిక

పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం ప్రాంతాల తెలుగువారికి, సరిహద్దు దాటి ఇక్కడి మందుల దుకాణాలకు వచ్చే పాతపట్నం వారికి ఈ విషయం తెలియజేయడం అవసరమనిపించి రాస్తున్నాను. ఇంట్లో మధుమేహంతో పాటు మూత్రపిండాల జబ్బు గాని, సికిల్ సెల్ గాని, మరే కారణం వల్లనైనా తీవ్రమైన రక్తహీనత గాని ఉన్నవారు ఉంటే, చవకగా దొరికే గ్లూకోమీటర్ స్ట్రిప్పులు కొనే ముందు ఒక్క అంకె చూసుకోవాలి: రక్తంలో ఎర్రకణాల శాతం ఎంత నుంచి ఎంత వరకు ఉన్నవారికి ఆ స్ట్రిప్ సరిపోతుందో చెప్పే హద్దు. ఆ అంకె పెట్టె మీద ఉండదు. లోపల మడిచిపెట్టిన కాగితంలో, భూతద్దం ఉంటే తప్ప కనిపించనంత చిన్న అక్షరాలలో ఉంటుంది. పెట్టె సీలు తీస్తే గాని ఆ కాగితం చేతికి రాదు, సీలు తీశాక దుకాణదారు పెట్టెను వెనక్కి తీసుకోడు. నా ఫిర్యాదు ముఖ్యంగా ఈ ఏర్పాటు మీదనే.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. మా పెద్దమ్మగారు ఉద్దానం వైపు నుంచి వచ్చి మా ఇంట్లో ఉంటున్నారు. ఆమెకు చాలాకాలంగా మధుమేహం ఉంది, మూత్రపిండాలు కూడా దెబ్బతిన్నాయి, హిమోగ్లోబిన్ 6.9. ఆమె కోసం ఊళ్ళో కొన్న కొత్త మీటరు ఉదయం పరగడుపున ఎప్పుడూ 130కి పైనే చూపుతూ ఉండడంతో, ఆ అంకెలు రాసిన చీటీ చూసిన వైద్యులు రాత్రి ఇన్సులిన్ కొద్దిగా పెంచారు. ఆ తరువాత ఒక తెల్లవారుజామున ఆమెకు చెమటలు పట్టి, చేతులు వణికి, మాట తడబడింది. మీటరు 94 చూపింది. పంచదార నీళ్ళు తాగించే ముందే ఆమె చేతి నరం నుంచి రక్తం తీసి, బూడిదరంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబులో పోసి, వెంటనే ల్యాబుకు తీసుకువెళ్ళి ప్లాస్మా వేరు చేసి చూస్తే 66 వచ్చింది. 70 కన్నా తక్కువైతే దానిని షుగర్ పడిపోవడంగానే లెక్కించి వెంటనే తీపి ఇవ్వాలి. 94 అనే అంకెను నమ్మి ఊరుకుని ఉంటే, అది భయం వల్ల పట్టిన చెమట అనుకునేవాళ్ళం.

స్ట్రిప్పులు అమ్మిన దుకాణానికి వెళితే వారు మర్యాదగానే మాట్లాడి, మీటరు సరైనదేనని రెండు విధాలుగా నిరూపించారు. మొదట కంపెనీ ఇచ్చిన కంట్రోల్ ద్రావణం చుక్క వేశారు. స్ట్రిప్ డబ్బా మీద ముద్రించిన హద్దుల మధ్యనే అంకె వచ్చింది. తరువాత దుకాణంలోని యువకుడు తన వేలు గుచ్చి ఆ మీటరులోనూ, వేరే కంపెనీ మీటరులోనూ చూపించాడు. రెండింటికీ పెద్ద తేడా లేదు. ఈ రెండు రుజువులూ నిజమే, అయినా మా పెద్దమ్మగారి విషయంలో రెండూ ఎందుకూ పనికిరావు. అది అర్థం కావాలంటే స్ట్రిప్ లోపల ఏం జరుగుతుందో తెలియాలి.

స్ట్రిప్ కొనలోని సన్నని గొట్టం ఒక మైక్రోలీటరు లేదా అంతకన్నా తక్కువ రక్తాన్ని పీల్చుకుంటుంది. అక్కడ పూత పూసి ఆరబెట్టిన ఎంజైము, సాధారణంగా గ్లూకోజ్ ఆక్సిడేజ్ గాని గ్లూకోజ్ డీహైడ్రోజినేజ్ గాని, గ్లూకోజ్ నుంచి ఎలక్ట్రాన్లను లాగుతుంది. వాటిని ఫెర్రీసయనైడ్ వంటి మధ్యవర్తి రసాయనం అందుకుని ఎలక్ట్రోడుకు చేరవేస్తుంది. అప్పుడు పుట్టే అతి స్వల్పమైన విద్యుత్తును మీటరు కొలిచి, ఇంత విద్యుత్తుకు ఇంత షుగర్ అని తనలో ఉన్న పట్టిక ప్రకారం అంకె వేస్తుంది. చాలా మీటర్లలో ఇదంతా ఐదు సెకన్లలో ముగుస్తుంది. అంత కొద్ది సమయంలో గ్లూకోజూ మధ్యవర్తీ ఎంత వేగంగా కదిలి ఎలక్ట్రోడును చేరుకుంటాయన్న దాని మీదనే విద్యుత్తు ఆధారపడుతుంది. రథయాత్ర నాడు రాజవీధిలో నడిచే మనిషికి జనం అడ్డుపడినట్టు, ఆ కదలికకు ఎర్రకణాలు అడ్డుపడతాయి. కణాలు పలచగా ఉంటే అడ్డు తగ్గి, అదే షుగర్‌కు ఎక్కువ విద్యుత్తు వస్తుంది.

రక్తంలో ఎర్రకణాలు ఆక్రమించే భాగమే హెమటోక్రిట్. మన ల్యాబు రిపోర్టులలో దీనిని పీసీవీ అని రాస్తారు. ఆ వరుస లేకపోతే హిమోగ్లోబిన్‌ను మూడుతో గుణించి సుమారుగా తెలుసుకోవచ్చు. మా పెద్దమ్మగారి 6.9ని అలా గుణిస్తే దాదాపు 21 శాతం. మీటరులోని పట్టికను మాత్రం 40 శాతానికి కాస్త అటూ ఇటూ ఉండే మనిషిని దృష్టిలో పెట్టుకుని తయారుచేస్తారు. మేము కొన్న స్ట్రిప్పుల కాగితంలో రాసినది 35 నుంచి 50 శాతం.

దీనిలో ఇంకొక చిన్న కారణం కూడా కలుస్తుంది. ప్లాస్మాలో దాదాపు 93 శాతం నీరు ఉంటే, ఎర్రకణాలలో 71 శాతమే ఉంటుంది. గ్లూకోజ్ నీటిలోనే కరిగి ఉంటుంది కాబట్టి, మామూలు మనిషి మొత్తం రక్తంలో కన్నా ప్లాస్మాలో షుగర్ సుమారు 11 శాతం ఎక్కువగా తేలుతుంది. ల్యాబు ప్లాస్మాను కొలుస్తుంది, స్ట్రిప్ మీద పడేది మొత్తం రక్తం. అందుకని మీటరు ఆ 11 శాతాన్ని ముందే కలిపి చూపుతుంది. కణాలు 21 శాతానికి పడిపోయినప్పుడు నిజంగా కలపవలసినది 5 లేదా 6 శాతమే అయినా, మీటరుకు ఆ సంగతి తెలియదు. కాబట్టి లెక్క ప్రకారం ఈ కారణం వల్ల వచ్చే తప్పు ఐదు శాతం దగ్గర ఉంటుంది. 66 కాస్తా 94 కావడంలో మిగిలినదంతా, అంటే చాలా పెద్ద వాటా, కదలికకు అడ్డు తగ్గడం వల్లనే వచ్చిందని నా అభిప్రాయం.

ఇప్పుడు దుకాణంలోని రుజువుల సంగతి చూడండి. కంట్రోల్ ద్రావణంలో ఎర్రకణాలే ఉండవు. స్ట్రిప్ తడిసి పాడైందా, ఎంజైము బతికి ఉందా, మీటరు విద్యుత్తును సరిగ్గా కొలుస్తోందా అన్నది మాత్రమే అది చెబుతుంది. ఇక ఆ యువకుని రక్తంలో పీసీవీ మామూలుగా ఉంటుంది కాబట్టి అతని అంకె సరిగ్గానే వస్తుంది. 2013 నాటి ఐఎస్‌ఓ 15197 ప్రమాణం ప్రకారం షుగర్ 100 కన్నా తక్కువ ఉన్నప్పుడు నూటికి 95 ఫలితాలు ల్యాబు అంకెకు 15 లోపు తేడాతో, 100 లేదా అంతకు పైన 15 శాతం లోపు తేడాతో ఉండాలి. మాకు వచ్చిన తేడా 28. అయినా కంపెనీ తప్పు ఒప్పుకోనవసరం లేదు, ఎందుకంటే 35 కన్నా తక్కువ ఉన్నవారికి ఈ స్ట్రిప్ వాడవద్దని వారు లోపలి కాగితంలో రాసే ఉంచారు. న్యాయపరంగా అది చాలునేమో. అయితే రక్తహీనత ఇంత విస్తారంగా ఉన్న ప్రాంతంలో ఆ మాటను పెట్టె మీద వేయకుండా అమ్మడం నాకు అన్యాయంగానే తోస్తోంది.

హెమటోక్రిట్‌ను స్ట్రిప్‌లోనే వేరే ఎలక్ట్రోడుతో గాని, మారే విద్యుత్ సంకేతంతో గాని కొలిచి, షుగర్ అంకెను దాని ప్రకారం సరిదిద్దే రకాలు మార్కెట్‌లో ఉన్నాయి. వాటి కాగితాలలో ఈ హద్దు 20 నుంచి 60 శాతం అనో, అంతకన్నా విశాలంగానో రాసి ఉంటుంది. ధర కొంత ఎక్కువ. దుకాణదారు దగ్గర అంతకుముందే తెరిచిన పెట్టెలోని కాగితం ఉంటే అడిగి చూడండి, లేదా కొనే ముందే కంపెనీ వెబ్‌సైటులో వెతకండి. మీ రోగి పీసీవీ ఆ హద్దులకు బయట ఉంటే ఎంత తగ్గించి ఇచ్చినా కొనవద్దు. పీసీవీ మరీ ఎక్కువగా ఉన్నవారిలో, ఉదాహరణకు నవజాత శిశువులలో, తప్పు ఎదురు దిశలో వచ్చి షుగర్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది.

అదే కాగితంలో మందుల పేర్లు కూడా ఉంటాయి. మూత్రపిండ రోగుల ఇళ్ళలో వీటిలో ఒకటి ప్రాణాంతకం కాగలదు. పొట్టలోకి ద్రవం ఎక్కించే పెరిటోనియల్ డయాలసిస్‌లో కొందరికి ఐకోడెక్స్‌ట్రిన్ ఉన్న ద్రవం ఇస్తారు. అది శరీరంలో మాల్టోజుగా విరుగుతుంది. జీడీహెచ్-పీక్యూక్యూ అనే ఎంజైము ఉన్న స్ట్రిప్ ఆ మాల్టోజును గ్లూకోజుగా పొరబడి, నిజంగా 50 ఉన్న మనిషికి కూడా 150, 200 చూపగలదు. ద్రవం ఆపిన తరువాత కూడా కొన్ని రోజులు ఈ ప్రమాదం పోదు. ఇలాంటి తప్పు అంకెలతో ముడిపడిన 13 మరణాల గురించి అమెరికా ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరిక జారీ చేసింది. అందుచేత ఇంట్లో ఆ డయాలసిస్ ఉన్నవారు ఎంజైము పేరు చూడకుండా స్ట్రిప్పులు కొననే కూడదు. విటమిన్ సి సంగతి వేరు. అది ఎంజైముతో పని లేకుండా తానే నేరుగా ఎలక్ట్రాన్లు ఇచ్చి అంకెను పెంచుతుంది. మామూలు మోతాదు మాత్రతో సాధారణంగా భయం లేదు, నరానికి పెద్ద మోతాదులో ఎక్కించినప్పుడు మాత్రం ఆ రోజు మీటరును నమ్మవద్దు. పారాసిటమాల్ కూడా కొన్ని స్ట్రిప్పులలో ఇలాగే చేస్తుంది, అయితే ముఖ్యంగా మోతాదు మితిమీరినప్పుడే.

మీ మీటరును ల్యాబుతో పోల్చి చూడదలిస్తే పరగడుపునే చూడండి. భోజనం తరువాత వేలి రక్తంలో షుగర్ నరం రక్తంలో కన్నా సహజంగానే ఎక్కువ ఉంటుంది, ఆ తేడాను స్ట్రిప్ మీద మోపడం తగదు. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరాక వేలు గుచ్చి, కొద్ది నిమిషాలలోనే నరం నుంచి రక్తం ఇవ్వండి. ఫ్లోరైడ్ లేని ట్యూబులో రక్తాన్ని అలాగే ఉంచితే కణాలే గంటకు 5 నుంచి 7 శాతం షుగర్‌ను తినేస్తాయి, కాబట్టి ప్లాస్మాను త్వరగా వేరు చేయమని అడగండి. బరంపురానికి పంపే నమూనా విషయంలో ఈ మాట మరీ గట్టిగా అడగాలి.

రక్తం ఎక్కించినా, ఎరిత్రోపోయిటిన్ సూదులతో హిమోగ్లోబిన్ పెరిగినా, అదే మీటరు చూపే అంకె షుగర్ మారకుండానే కిందికి దిగుతుంది. ఆ తగ్గుదలను మందు పనిచేయడంగా పొరబడకుండా ఉండేందుకు, షుగర్ చీటీలో ప్రతి కొత్త హిమోగ్లోబిన్ ఫలితాన్నీ తేదీతో సహా పక్కనే రాసి వైద్యులకు చూపండి.