జట్టు ఫామ్‌కి ఏది మేలు: రోలింగ్ సగటా, ఎలో రేటింగా, ప్రతి వారం కొత్తగా లెక్కించడమా?

ఫుట్‌బాల్ ఫలితాల మోడల్ కట్టేవాళ్లు ఎక్కువగా మొదలుపెట్టేది గత 5 మ్యాచ్‌ల గోల్స్ తేడా సగటుతో. ఒక్కో మ్యాచ్‌ని జట్టుకొకటి చొప్పున రెండు వరుసలుగా రాసుకుంటే చాలు:

```python
df = df.sort_values("date")
df["form5"] = df.groupby("team")["gd"].transform(
    lambda s: s.shift(1).rolling(5).mean())
```

`shift(1)` లేకపోతే ఈ రోజు స్కోరు ఈ రోజు ఫామ్‌లోనే కలిసిపోతుంది. కానీ అది ఉన్నా, బలమైన జట్టు చేతిలో 0-1 ఓటమికీ, అడుగునున్న జట్టు చేతిలో 0-1 ఓటమికీ ఈ సగటు ఒకే విలువ ఇస్తుంది.

ప్రత్యర్థి బలాన్ని లెక్కలోకి తేవాలంటే సీజన్ చివరి పట్టిక చేతికందేలా ఉంటుంది. దాన్ని ముట్టుకోకూడదు. 2015 ఆగస్టు 8న ప్రీమియర్ లీగ్‌లో సండర్‌లాండ్ 2-4తో లెస్టర్ చేతిలో ఓడింది. వారం తర్వాత నార్విచ్‌తో ఆడే ముందు చూస్తే, అది క్రితం సీజన్లో 14వ స్థానంలో నిలిచిన జట్టు చేతిలో ఓటమి. చివరి పట్టిక మాత్రం ఛాంపియన్ చేతిలో ఓడారని చెబుతుంది. మ్యాచ్‌కి ముందు తెలియని సమాచారం ఇలా ఫీచర్లలోకి జారే లీకేజీ ఫలితాలను కొంచెమే మెరుగుపరుస్తుంది, అందుకే ఎవరికీ అనుమానం రాదు.

ప్రతి మ్యాచ్ తర్వాత ప్రత్యర్థి రేటింగునుబట్టి జట్టు రేటింగును సవరించే ఎలోలో ఈ చిక్కు తక్కువ. 1500 రేటింగ్ జట్టు 1700 జట్టుతో ఆడితే ఆశించే ఫలితం 1/(1+10^(200/400)), అంటే సుమారు 0.24. డ్రా చేస్తే, ఒక్కో మ్యాచ్‌కి రేటింగ్ ఎంత వేగంగా మారాలో చెప్పే K=20 అనుకుంటే, 20×(0.5−0.24) చొప్పున సుమారు 5 పాయింట్లు పెరుగుతాయి. మోడల్‌కి ఇవ్వాల్సింది 1500 మాత్రమే. 1505 తర్వాతి మ్యాచ్‌కి.

ఎలో లోపమల్లా వెనక్కి తిరిగి చూడకపోవడం. ఆగస్టులో లెస్టర్‌ని తక్కువ అంచనా వేసి సండర్‌లాండ్‌కి కోసిన పాయింట్లను డిసెంబర్లో సవరించదు. ప్రతి మ్యాచ్ రోజుకీ ముందున్న ఫలితాలన్నిటితో జట్ల బలాల్ని మళ్లీ లెక్కిస్తే ఆ సవరణ జరుగుతుంది. జనవరి మ్యాచ్ కోసం, డిసెంబర్ దాకా తెలిసినదాన్నిబట్టి ఆగస్టు ఓటమిని కొత్తగా తూచడం లీకేజీ కాదు. చాలామంది తడబడేది ఇక్కడే. హద్దు గీయాల్సింది పాత మ్యాచ్ తేదీ దగ్గర కాదు, అంచనా వేస్తున్న మ్యాచ్ దగ్గర.

నా ఓటు మొదట ఎలోకే: కోడ్ చిన్నది, తప్పుకి చోటు తక్కువ. మూడోది సీజన్ మొదట్లో, నాలుగైదు మ్యాచ్‌లే ఉన్నప్పుడు ఊగిసలాడుతుంది. క్రితం సీజన్ ఫలితాలను తక్కువ బరువుతో కలిపితేనే కుదురుకుంటుంది.

ఏది వాడినా ఒక పరీక్ష పెట్టండి. ఒక తేదీ ఎంచుకుని, ఆ రోజువీ ఆ తర్వాతివీ స్కోర్లన్నీ ఖాళీ చేసి ఫీచర్లు మళ్లీ లెక్కించండి. ఆ రోజు మ్యాచ్‌ల ఫీచర్లలో ఒక్క అంకె మారినా లీకేజీ ఉన్నట్టే. ఆ రోజు స్కోర్లను ఖాళీ చేయకుండా వదిలేస్తే మాత్రం `shift(1)` మరిచిన తప్పు ఈ పరీక్షకి చిక్కదు.