బీడు వేరు, వరి మాగాణి వేరు

ఇంగ్లిష్ వ్యవసాయ పదాలను తెలుగు చేసేటప్పుడు నిఘంటువు fallowకి 'బీడు' అంటుంది, కానీ rice fallowని 'వరి బీడు' అని రాస్తే రైతుకు అస్సలు అర్థం కాదు. బీడంటే సాగు లేక గడ్డి మొలిచిన నేల, తెలంగాణలో 'పడావు పడింది' అంటారు. కృష్ణా డెల్టాలో వరి కోతకు రెండు మూడు రోజుల ముందే, పదునులో, నిలబడి ఉన్న పైరులోనే మినుములు చల్లేస్తారు, దుక్కి కూడా ఉండదు. దానికి సరైన మాట వరి మాగాణి మినుము.

టిల్లేజ్‌కి దుక్కి సరిపోతుంది గానీ సాళ్ల మధ్య పనైతే పుస్తకాల్లో అంతరకృషి, పొలంలో గుంటక తోలడం. మల్చ్‌కి ఆచ్ఛాదన కన్నా మల్చింగ్ షీటే వాడుక. యీల్డ్‌కి దిగుబడి అన్న మాట అందరిదీ, కొలతే తేడా: ఎకరాకు 75 కిలోల బస్తాలు ముప్పై అంటే 22.5 క్వింటాళ్లు.