ఒకేసారి పెంచాలా, రెండు విడతల్లోనా?

1024 పిక్సెళ్ల చదరపు ఫొటోలో మెట్ల రెయిలింగ్ కుడి అంచు దగ్గర తెగిపోయింది. బొమ్మలు గీసే AI మోడల్‌తో ఆ వైపు ఫొటోను మరో 512 పిక్సెళ్లు పొడిగించాలి.

ఒకేసారి పెంచితే రెయిలింగ్ వాలు మొత్తం ఒక్కసారే నిర్ణయమవుతుంది కాబట్టి గీత తిన్నగా వచ్చే అవకాశం ఎక్కువ. కానీ అసలు ఫొటోకు దూరమయ్యేకొద్దీ మోడల్‌కు ఆధారం తగ్గి, సంబంధంలేని తలుపో మనిషో పుట్టుకురావచ్చు.

256 చొప్పున రెండు విడతల్లో చేస్తే అలాంటివి మొదటి విడతలోనే పట్టుకోవచ్చు. అయితే రెండో విడత మొదటిదాని తప్పు మీదే నిలబడుతుంది. వాలులో చిన్న తేడా ఉన్నా రెయిలింగ్ అతుకు దగ్గర విరిగినట్టు కనిపిస్తుంది. అసలు రెయిలింగ్ వెంట సరళరేఖ గీసి పొడిగిస్తే తేడా వెంటనే తెలుస్తుంది.

గీతలున్న ఫొటోకు నా ఓటు ఒకేసారికే. మోడల్ కొత్తగా నింపాల్సిన చోటును చూపే మాస్క్‌ను మాత్రం పాత అంచు లోపలికి 32 పిక్సెళ్లు జరపండి, అతుకు కలిసిపోతుంది.